పది ఆంపియర్లలో ఎనిమిదే పనికొస్తే

ఒక సింగిల్ ఫేజ్ మోటారు నడుస్తోంది. వోల్టు మీటరు 230 చూపిస్తోంది. తీగ చుట్టూ తగిలించిన క్లాంప్ మీటరు 10 ఆంపియర్లు చూపిస్తోంది. రెండూ హెచ్చవేస్తే 2300. బళ్లో నేర్చుకున్న లెక్క ప్రకారం మోటారు 2300 వాట్లు తీసుకుంటూ ఉండాలి. పక్కనున్న వాట్ మీటరు మాత్రం 1840 దగ్గర నిలబడింది. మూడు మీటర్లూ మంచివే, మూడూ నిజమే చెబుతున్నాయి.

ఎలక్ట్రీషియన్‌ను అడిగితే పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉందంటాడు. 1840ని 2300తో భాగిస్తే వచ్చేది అదే. ఈ భిన్నం మోటారును బట్టి, లోడును బట్టి 0.5 కావచ్చు, 0.9 కావచ్చు, 0.99 కావచ్చు. 1 మాత్రం దాటదు. ఎందుకు దాటదని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: పవర్ ఫ్యాక్టర్ అంటే వోల్టేజీకీ కరెంటుకీ మధ్య ఉన్న కోణపు కొసైన్, కొసైన్ విలువ 1 దాటదు కదా అని. ఈ జవాబు మోటారు వరకు సరిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు దగ్గరికి, కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి కుదరదు. అక్కడ కరెంటు సైన్ తరంగంలా నడవదు, ఉండుండి గుప్పున వచ్చి ఆగిపోతుంది. అలాంటి కరెంటుకూ వోల్టేజీకీ మధ్య కోణం ఇంతని చెప్పడమే కష్టం. అయినా పవర్ ఫ్యాక్టర్ 1 దాటదు. కరెంటు ఏ ఆకారంలో ఉన్నా దాటదు. దానికి అసలు కారణం విద్యుత్తులో లేదు, గణితంలో ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులు కోషీ–ష్వార్జ్ అసమానత అని పరీక్ష కోసం బట్టీపట్టేది ఆ కారణాన్నే.

దాన్ని చూడాలంటే ముందు మీటర్లు ఏం కొలుస్తున్నాయో చూడాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకు 20 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో వోల్టేజీ సున్నా నుంచి 325 దాకా ఎక్కి, దిగి, రెండో వైపు మైనస్ 325 దాకా వెళ్లి మళ్లీ సున్నాకు వస్తుంది. కరెంటు కూడా తన పద్ధతిలో తాను ఎక్కి దిగుతుంది. ఏ క్షణాన్ని తీసుకున్నా, ఆ క్షణపు వోల్టేజీని ఆ క్షణపు కరెంటుతో హెచ్చవేస్తే ఆ క్షణంలో లోడుకు వెళ్తున్న పవర్ వస్తుంది. 20 మిల్లీసెకన్లను సన్నని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఈ లబ్ధాన్ని కనుక్కొని, అన్నీ కలపాలి. ముక్కలు ఎంత సన్నగా కోస్తే మొత్తం అంత కచ్చితమవుతుంది. ఆ కచ్చితమైన మొత్తమే సమాకలని. దాన్ని వ్యవధితో భాగిస్తే సగటు పవర్. వాట్ మీటరు చూపించే 1840 ఈ సగటే.

వోల్టు మీటరు, ఆంపియర్ మీటరు చేసే పని వేరు. వోల్టేజీని ఉన్నదున్నట్టు సగటు కడితే సున్నా వస్తుంది, ఎందుకంటే అటు వెళ్లినంతే ఇటు వస్తుంది. అందుకని ప్రతి క్షణపు విలువనూ వర్గం చేస్తారు. వర్గం చేస్తే మైనస్ పోతుంది. ఆ వర్గాలన్నిటి సగటు తీసి, చివర్లో వర్గమూలం తీస్తారు. 325 శిఖరమున్న సైన్ తరంగానికి ఇలా చేస్తే 230 వస్తుంది. దీన్నే ఆర్‌ఎంఎస్ విలువ అంటారు. తీగ వేడెక్కడం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కరెంటుకూ ఇదే కొలత వాడతారు.

అంటే మన ముందు మూడు సమాకలనులు ఉన్నాయి. ఒకటి వోల్టేజీ, కరెంటుల లబ్ధానిది. రెండోది వోల్టేజీ వర్గానిది. మూడోది కరెంటు వర్గానిది. అసమానత ఈ మూడింటినీ ఒక్క వాక్యంలో కడుతుంది. లబ్ధపు సమాకలనిని వర్గం చేస్తే వచ్చే విలువ, రెండు వర్గాల సమాకలనులను హెచ్చవేస్తే వచ్చే విలువను ఎప్పుడూ మించదు:

(∫ v·i dt)² ≤ (∫ v² dt) · (∫ i² dt)

రెండు వైపులా వ్యవధి వర్గంతో భాగించండి. ఎడమ పక్క సగటు పవర్ వర్గం మిగులుతుంది. కుడి పక్క ఆర్‌ఎంఎస్ వోల్టేజీ వర్గం, ఆర్‌ఎంఎస్ కరెంటు వర్గం మిగులుతాయి. వర్గమూలం తీస్తే, వాట్లు ఎప్పుడూ వోల్టు–ఆంపియర్లను మించవని తేలుతుంది. ఇందులో కోణం ఊసే లేదు, సైన్ తరంగం ఊసే లేదు.

ఇక ఇది ఎందుకు నిజమన్నది. రుజువు నాలుగు వరుసల్లో అయిపోతుంది, పైగా ఆ నాలుగు వరుసల్లో మన మోటారు కథంతా ఉంది. అందుకే దాటేయకుండా నడుద్దాం.

మోటారు తీసుకుంటున్న కరెంటులోంచి, వోల్టేజీ ఆకారాన్నే అచ్చంగా అనుసరించే ఒక భాగాన్ని తీసేద్దాం. ఆ భాగం t·v అనుకుందాం. ఇక్కడ t ఒక మామూలు సంఖ్య. వోల్టేజీ ఎక్కినప్పుడు ఈ భాగం ఎక్కుతుంది, దిగినప్పుడు దిగుతుంది, సున్నా అయినప్పుడు సున్నా అవుతుంది. ఇస్త్రీ పెట్టె తీసుకునే కరెంటు ఇలాగే ఉంటుంది. ఆ భాగం తీసేశాక మిగిలేది i − t·v. ఈ మిగులు ఏ ఆకారంలో ఉన్నా సరే, దాన్ని వర్గం చేసి సగటు కడితే రుణసంఖ్య రాదు, ఎందుకంటే వర్గాలు కలిపితే మైనస్ వచ్చే వీలే లేదు. మొత్తం రుజువు నిలబడేది ఈ ఒక్క సంగతి మీదే. ఆ వర్గాన్ని విడదీస్తే ఇలా వస్తుంది:

I² − 2tP + t²V² ≥ 0

ఇక్కడ V, I ఆర్‌ఎంఎస్ విలువలు, P సగటు పవర్. t ఏ సంఖ్య అయినా ఇది నిజమే. అందుకని మనకు ఎక్కువ పనికొచ్చే సంఖ్యను ఎంచుకోవచ్చు. మిగులు వీలైనంత తక్కువగా ఉండాలంటే t = P/V² అని పెట్టాలి. పెడితే I² − P²/V² ≥ 0 అవుతుంది. దీన్నే అటూ ఇటూ మార్చి రాస్తే P² ≤ V²I². రుజువు అయిపోయింది.

ఇప్పుడు ఇందులో మన మోటారు అంకెలు వేద్దాం. V 230, I 10, P 1840. వోల్టేజీని అనుసరించే భాగం ఆర్‌ఎంఎస్ విలువ P/V, అంటే 1840ని 230తో భాగిస్తే 8 ఆంపియర్లు. మిగులు వర్గం 100 నుంచి 64 తీసేస్తే 36. కాబట్టి మిగులు 6 ఆంపియర్లు. ఎనిమిదీ ఆరూ కలిస్తే పద్నాలుగు కావాలి గదా, పది ఎలా అయిందంటారా? ఈ రెండు భాగాలూ ఒకదానికొకటి లంబంగా ఉన్న భుజాల్లాగా ప్రవర్తిస్తాయి. వర్గాలు కలుస్తాయి, 64కు 36 కలిస్తే 100. లంబకోణ త్రిభుజం లెక్కే ఇక్కడ తరంగాలకు వర్తించింది.

ఎనిమిది ఆంపియర్లే మోటారును తిప్పుతున్నాయి. మిగిలిన ఆరు ఆంపియర్ల వల్ల ఒక ఊపు మొత్తం మీద సగటున ఒక్క వాటు కూడా లోడుకు చేరదు. మోటారు చుట్టలో అయస్కాంత క్షేత్రం ఏర్పడడానికి శక్తి లోపలికి వెళ్తుంది, క్షేత్రం తగ్గేటప్పుడు తిరిగి లైన్లోకి వస్తుంది. ఈ ఉదాహరణలో కరెంటు వోల్టేజీ కన్నా సుమారు 37 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. అంటే ప్రతి 20 మిల్లీసెకన్లలో నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు మోటారు శక్తిని తీసుకోవడం మాని, తిరిగి ఇచ్చేస్తూ ఉంటుంది. కాబట్టి 2300కూ 1840కీ మధ్య ఉన్న 460 ఎక్కడా పోలేదు. అవసలు వాట్లే కావు.

అసమానతలో సమానం గుర్తు ఎప్పుడు పడుతుందో కూడా రుజువే చెబుతోంది. మిగులు పూర్తిగా సున్నా అయినప్పుడు మాత్రమే. అంటే కరెంటు ప్రతి క్షణమూ వోల్టేజీకి ఒకే నిష్పత్తిలో ఉన్నప్పుడు. పవర్ ఫ్యాక్టర్ కచ్చితంగా 1 కావాలంటే దీనికి మించిన దారి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎల్‌ఈడీ బల్బుల దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

ఈ అసమానతకు పేరు పెట్టడంలో కాస్త అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. ఫ్రెంచి గణితవేత్త కోషీ 1821లో ప్రచురించింది విడివిడి సంఖ్యల మొత్తాలకు సంబంధించినది. సమాకలనుల రూపాన్ని 1859లో ప్రచురించినవాడు విక్టర్ బున్యకోవ్‌స్కీ. ఇప్పటి ఉక్రెయిన్‌లోని బార్ పట్టణంలో 1804లో పుట్టాడు. పారిస్‌లో కోషీ దగ్గర చదువుకొని 1825లో అక్కడే డాక్టరేట్ పొందాడు. తరువాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడ్డాడు. గురువు మొత్తాలకు రాసినదాన్ని, ముక్కలను సన్నం చేసుకుంటూ పోయి శిష్యుడు సమాకలనులకు తీసుకొచ్చాడు. 26 ఏళ్ల తరువాత, 1885లో, జర్మన్ గణితవేత్త హెర్మన్ ష్వార్జ్ దీన్ని వేరే పని మీద రాశాడు. సబ్బు పొరల్లా అతి తక్కువ వైశాల్యంతో పరుచుకునే ఉపరితలాల మీద ఆయన పరిశోధన. తన గురువు వయర్‌స్ట్రాస్ 70వ పుట్టినరోజు సందర్భంగా వెలువరించిన ఆ వ్యాసంలో ఒకచోట రెండు చరరాశుల సమాకలనులకు ఈ అసమానత అవసరమైంది. మిగులు వర్గం రుణం కాదన్న రుజువు ఆయన నడిచిన దారే. ఆ రుజువు అంత శుభ్రంగా ఉండడం వల్లనేమో, పశ్చిమ దేశాల పుస్తకాల్లో, వాటిని చూసి మన పుస్తకాల్లో, ష్వార్జ్ పేరు నిలిచిపోయింది. రష్యన్ పుస్తకాలు మాత్రం కోషీ–బున్యకోవ్‌స్కీ అనే రాస్తాయి.

విద్యుత్తుకు దీన్ని నేరుగా ముడిపెట్టినవాడు ల్వూఫ్‌లో పనిచేసిన పోలిష్ ఇంజనీరు స్తానిస్వాఫ్ ఫ్రిజె. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ల్వివ్. 1930ల మొదట్లో ఆయన కరెంటును సరిగ్గా పైన మనం విడదీసినట్టే విడదీశాడు. వోల్టేజీని అనుసరించేది ఒక భాగం, మిగతాదంతా ఇంకో భాగం. ఇచ్చిన వోల్టేజీ దగ్గర ఇంత పవర్ అందించడానికి కనీసం ఎంత కరెంటు కావాలి అన్న ప్రశ్నకు మొదటి భాగమే జవాబు. అంతకన్నా తక్కువ కరెంటుతో అంత పవర్ పంపడం ఎవరివల్లా కాదు. అసమానత ఒప్పుకోదు.

లైనుకు ఈ తేడా ఎంత బరువో చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటారు దాకా వెళ్లి వచ్చే తీగల నిరోధం కలిపి ఒక ఓమ్ అనుకోండి. 10 ఆంపియర్లు పారితే తీగల్లో 100 వాట్లు వేడిగా పోతాయి. 8 ఆంపియర్లే పారితే 64 వాట్లు పోతాయి. మోటారు తోడే నీళ్లు రెండు సందర్భాల్లోనూ అంతే. ట్రాన్స్‌ఫార్మర్ కూడా కరెంటును బట్టి వేడెక్కుతుంది కాబట్టి దాని సామర్థ్యాన్ని కిలోవాట్లలో కాకుండా కేవీఏలో రాస్తారు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర 20 కిలోవాట్లే మోయగలదు. హెచ్‌టీ కనెక్షన్ ఉన్న ఫ్యాక్టరీలకు తెలుగు రాష్ట్రాల్లో బిల్లు కేవీఏహెచ్ లెక్కన వేయడం వెనకున్న కారణం ఇదే. 0.8 దగ్గర నడిచే ఫ్యాక్టరీ 10,000 యూనిట్ల పని చేయించుకుంటే బిల్లులో 12,500 పడతాయి.

మోటారుకు వైద్యం కెపాసిటర్. కెపాసిటర్ తీసుకునే కరెంటు వోల్టేజీ కన్నా పావు ఊపు ముందుంటుంది. మోటారులోని ఆరు ఆంపియర్ల మిగులు పావు ఊపు వెనకుంటుంది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు తీసుకోవాలంటే సుమారు 83 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ కావాలి. దాన్ని మోటారు పక్కనే కడితే ఆ ఆరు ఆంపియర్లు మోటారుకూ కెపాసిటర్‌కూ మధ్యనే అటూ ఇటూ తిరుగుతాయి, లైనులో ఎనిమిదే మిగులుతాయి. ‘పక్కనే’ అన్నది ముఖ్యం. కెపాసిటర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కడితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఊరట దక్కుతుంది గానీ, అక్కడి నుంచి పొలం దాకా ఉన్న తీగలో పది ఆంపియర్లూ పారుతూనే ఉంటాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మొదలయ్యాక పెట్టిన షరతుల్లో ఐఎస్‌ఐ మార్కు మోటారు, ఘర్షణ తక్కువుండే ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపులతో పాటు కెపాసిటర్ కూడా ఉంది. రైతు బిల్లు కట్టడు కాబట్టి కెపాసిటర్ వల్ల ఆయనకు డబ్బు మిగలదు. లాభం లైనుకు, అదే లైను చివర వోల్టేజీ అందక మోటారు మూలుగుతున్న రైతుకు. నా ఖర్చు, నీ లాభం అన్న ఈ చిక్కును ఏ అసమానతా తీర్చలేదు.

కెపాసిటర్ విషయంలో ఎక్కువైతే ఇంకా మంచిదనుకోవడం మామూలు పొరపాటు. 6 కావాల్సిన చోట 12 ఆంపియర్ల కెపాసిటర్ కట్టారనుకోండి. ఆరు మోటారు మిగులుతో చెల్లిపోతాయి. ఇంకో ఆరు కొత్త మిగులుగా తేలతాయి, ఈసారి వెనకబడి కాక ముందుగా. వర్గాలు కలిపితే మళ్లీ 64కు 36, మళ్లీ పది ఆంపియర్లు. డబ్బు పెట్టి కొని, మొదటికే వచ్చాం. మోటారు ఆపాక కెపాసిటర్ లైనుకే తగిలి ఉండిపోతే అది అంతకన్నా వృథా. ఏ పనీ లేకుండా కరెంటు లైనులో తిరుగుతుంటుంది. అందుకే కెపాసిటర్‌ను స్టార్టర్ దాటాక, మోటారు వైపు కట్టమంటారు.

ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులు, కంప్యూటర్లు, టీవీల సంగతి. వీటి లోపల ముందు ఏసీని డీసీగా మార్చే భాగం ఉంటుంది. అందులో ఒక కెపాసిటర్ నిండి ఉంటుంది. బయటి వోల్టేజీ దాన్ని దాటి పైకెక్కినప్పుడే, అంటే శిఖరం దగ్గరే, కరెంటు లోపలికి వస్తుంది. మిగతా సమయమంతా సున్నా. లెక్క తేలికయ్యేందుకు ఇలా అనుకుందాం: ప్రతి అర ఊపులోనూ ఉన్న 180 డిగ్రీలలో శిఖరానికి అటూ ఇటూ కలిపి 60 డిగ్రీల పాటు 3 ఆంపియర్ల కరెంటు నిలకడగా వస్తుంది, తరువాత ఆగిపోతుంది.

కరెంటు వర్గం మూడో వంతు సమయం 9, మిగతా సమయం సున్నా. సగటు 3. కాబట్టి ఆర్‌ఎంఎస్ కరెంటు 1.73 ఆంపియర్లు. 230తో హెచ్చవేస్తే 398 వోల్టు–ఆంపియర్లు. లబ్ధపు సమాకలని కట్టి సగటు తీస్తే 311 వాట్లు వస్తాయి. పవర్ ఫ్యాక్టర్ 0.78. అదే 3 ఆంపియర్లు 30 డిగ్రీల పాటే వస్తే పవర్ ఫ్యాక్టర్ 0.57కు పడిపోతుంది. చిన్న ఎల్‌ఈడీ బల్బుల్లో 0.5 ప్రాంతపు విలువలు కనబడడం ఇందువల్లే.

ఇక్కడ కరెంటు వోల్టేజీ కన్నా వెనకా లేదు, ముందూ లేదు. సరిగ్గా శిఖరం దగ్గర, రెండు పక్కలా సమానంగా ఉంది. కోణం లెక్క ప్రకారం చూస్తే తేడా సున్నా, కొసైన్ 1. కోణాన్ని మాత్రమే కొలిచే పాత రకం పవర్ ఫ్యాక్టర్ మీటరు ఈ లోడును చూసి అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది. అసమానత అలా మోసపోదు. 311 వాట్లకు 230 వోల్టుల దగ్గర కావాల్సిన కనీస కరెంటు 1.35 ఆంపియర్లు. వస్తున్నది 1.73. వర్గాల తేడా తీసి మూలం కడితే 1.08 ఆంపియర్ల మిగులు బయటపడుతుంది.

ఈ మిగులుకు కెపాసిటర్ మందు కాదు. మోటారు మిగులు వెనకబడి ఉంది కాబట్టి ముందుండే కరెంటుతో చెల్లించగలిగాం. ఇక్కడ మిగులంతా ఆకారంలోని తేడా, సెకనుకు 150 సార్లు, 250 సార్లు ఊగే వేగపు తరంగాలతో నిండినది. కెపాసిటర్ కడితే ఇంకో మిగులు చేర్చినట్టే అవుతుంది. పైగా వేగంగా ఊగే వోల్టేజీకి కెపాసిటర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, ఇలాంటి లోడ్లు ఎక్కువున్న చోట కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బిపోవడం జరుగుతుంది. ఆఫీసు భవనంలో పవర్ ఫ్యాక్టర్ తగ్గిందని విచారించకుండా కెపాసిటర్ పెట్టెలు పెంచుకుంటూ పోయేవారికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

మంచి రకం పరికరాల్లో దీనికి వేరే దారి ఎంచుకున్నారు. కరెంటు ప్రతి క్షణమూ వోల్టేజీ నిష్పత్తిలోనే వచ్చేలా, సెకనుకు వేల సార్లు తెరిచి మూసే స్విచ్చితో లోపలే దిద్దుతారు. అంటే అసమానతలో సమానం గుర్తు పడే షరతునే సర్క్యూట్‌గా కట్టారన్నమాట. గ్రిడ్ వైపు నుంచి చూస్తే అలాంటి కంప్యూటర్ పవర్ సప్లై దాదాపు ఇస్త్రీ పెట్టెలాగే కనబడుతుంది.

ఇంటి కప్పు మీద సోలార్ పెట్టుకున్నాక పవర్ ఫ్యాక్టర్ దిగజారిందని కొందరు ఫ్యాక్టరీల వాళ్లు కంగారుపడతారు. అందులో వింతేమీ లేదు. మన మోటారునే తీసుకోండి. పనికొచ్చే 8 ఆంపియర్లలో 5 సోలార్ ఇన్వర్టర్ ఇస్తోంది, మిగులు ఆరింటిలో ఏమీ ఇవ్వడం లేదు. గ్రిడ్ నుంచి వచ్చేది పనికొచ్చేవి 3, మిగులు 6. వర్గాలు కలిపి మూలం తీస్తే 6.7 ఆంపియర్లు. గ్రిడ్ మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 3ను 6.7తో భాగిస్తే 0.45. మోటారులో ఏ మార్పూ లేదు, లైను మీద భారం పదినుంచి 6.7కు తగ్గింది కూడా. భిన్నంలో పై సంఖ్య కింది సంఖ్య కన్నా వేగంగా తగ్గింది, అంతే.

చివరగా, మీటరు పట్టుకుని పనిచేసేవాళ్లకు ఈ అసమానత వల్ల దొరికే ఒక పరీక్ష. చవక క్లాంప్ మీటర్లు చాలావరకు వర్గాలు చేయవు. కరెంటు పరిమాణానికి సాదా సగటు కట్టి, దాన్ని 1.11తో హెచ్చవేసి చూపిస్తాయి. సైన్ తరంగానికి సగటుకూ ఆర్‌ఎంఎస్‌కూ మధ్య నిష్పత్తి సరిగ్గా అంతే కాబట్టి మోటారు దగ్గర, హీటరు దగ్గర జవాబు సరిగ్గా వస్తుంది. పైన చెప్పిన 3 ఆంపియర్ల గుప్పుల కరెంటుకు పెట్టి చూడండి. మూడో వంతు సమయమే కరెంటుంది కాబట్టి సాదా సగటు 1 ఆంపియర్. మీటరు 1.11 చూపిస్తుంది. అసలు విలువ 1.73. తీగ వేడెక్కేది 1.73కు, మనం తీగ సైజు ఎంచుకునేది 1.11కు.

ఇక్కడే తప్పు పట్టుబడుతుంది. 1.11ను 230తో హెచ్చవేస్తే 255. వాట్ మీటరు 311 చూపిస్తోంది. భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ 1.22. ఇది జరగడానికి వీల్లేదు. లోడు ఎంత విచిత్రమైనదైనా జరగదు. కాబట్టి తప్పు లోడులో లేదు, మూడు అంకెల్లో ఏదో ఒకటి మనం అనుకున్నది కాదు. ఒక్కోసారి మీటర్లన్నీ మంచివే అయినా ఇలా వస్తుంది. వాట్లను మోటారు స్టార్టవుతున్న క్షణాల్లో చూసి, ఆంపియర్లను అది కుదురుకున్నాక చూస్తే భిన్నం ఎంతైనా కావచ్చు. మూడు సమాకలనులూ ఒకే వ్యవధి మీద తీసుకోవాలన్నది అసమానతలోని షరతు.

ఈ పరీక్షకు హద్దు కూడా ఉంది. ఈ రోజుల్లో ఎలక్ట్రానిక్ మీటర్లు సమాకలని కట్టవు. సెకనుకు వేలసార్లు వోల్టేజీ, కరెంటు విలువలు పట్టుకుని, లబ్ధాలనూ వర్గాలనూ కలుపుతాయి. అది 1821 నాటి కోషీ రూపం. ఏ సంఖ్యలకైనా అది నిజమే కాబట్టి, మీటరు పట్టుకున్న విలువలే తప్పయినా, అవే విలువలతో మూడు మొత్తాలూ కడితే పవర్ ఫ్యాక్టర్ 1 లోపే వస్తుంది. కాబట్టి 1 దాటితే ఎక్కడో తప్పు ఉన్నట్టే. దాటలేదని అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు.

కొత్తగా క్లాంప్ మీటరు కొనేవాళ్లు దాని ముఖం మీద True RMS అని రాసి ఉందో లేదో చూసి కొనండి. ఇంట్లో ఎల్‌ఈడీలు, ఇన్వర్టర్ ఏసీలు, కంప్యూటర్లు ఉన్నవాళ్లు వైరింగ్ చేయించేటప్పుడు, ఎలక్ట్రీషియన్ ఆంపియర్లు చూసే మీటరు అలాంటిదో కాదో అడగండి.